డ్రాకి ఎంత అవకాశం? ఆన్‌ఫీల్డ్‌లో ఒక పాయిజాన్ లెక్క

2018 అక్టోబర్ 7, ఆదివారం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ జట్టు సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ తలపడుతున్నాయి. ఆట 86వ నిమిషానికి వచ్చింది. స్కోరు ఇంకా 0-0. అప్పుడు లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ కాలు తగిలి సిటీ ఆటగాడు లెరాయ్ సానే బాక్సులో పడిపోయాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. రియాద్ మహ్రెజ్ తన్నిన బంతి గోల్ పైకమ్మీ మీదుగా ప్రేక్షకుల్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి చివరి విజిల్ మోగింది. మ్యాచ్ డ్రా.

అంతకు తొమ్మిది నెలల ముందు, 2018 జనవరి 14న ఇదే మైదానంలో ఇవే జట్లు లీగ్ మ్యాచ్ ఆడాయి. ఆ రోజు లివర్‌పూల్ 4-3తో గెలిచింది. ఒక మ్యాచ్‌లో ఏడు గోల్స్, తర్వాతి మ్యాచ్‌లో ఒక్కటీ లేదు. ఇలాంటి ఆటలో స్కోరును ముందుగా అంచనా వేయడం కుదిరే పనేనా?

ఫలానా స్కోరే వస్తుందని చెప్పడం ఎవరి వల్లా కాదు. ఏ స్కోరుకి నూటికి ఎంత అవకాశం ఉంది, డ్రాకి ఎంత ఉంది అని మాత్రం చెప్పవచ్చు. అందుకు కావలసిన గణితం మన ఇంటర్ రెండో ఏడాది పిల్లల లెక్కల పుస్తకంలో ‘పాయిజాన్ విభాజనం’ పేరుతో ఉన్నదే. ఆ అక్టోబర్ మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి మన చేతిలో ఉండగలిగిన అంకెలతోనే ఆ లెక్క చేసి చూద్దాం.

గుర్రం తన్నులూ గోల్సూ

ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త సిమియన్ డెనిస్ పాయిజాన్ 1837లో ఒక పుస్తకం ప్రచురించాడు. కోర్టు తీర్పుల్లో తప్పొప్పుల సంభావ్యత దాని విషయం. ఈ సూత్రం అందులో ఉంది. అయితే లోకం దాని సంగతి గట్టిగా పట్టించుకున్నది 1898లో. లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కలు తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు. ఒక్కో దళానికి ఒక్కో ఏడాదిని ఒక పద్దుగా తీసుకుంటే మొత్తం 200 పద్దులు. వాటిలో చావులు 122, అంటే పద్దుకి సగటున 0.61.

ఆ ఒక్క సగటు తెలిస్తే, ఒక్క చావూ లేని పద్దులు 109 దాకా, ఒకే చావున్నవి 66 దాకా ఉండాలని పాయిజాన్ సూత్రం చెబుతుంది. నిజంగా ఉన్నవి 109, 65. ఏ గుర్రం ఎప్పుడు తన్నుతుందో ఎవరికీ తెలియదు. కానీ ఆ తన్నులన్నీ కలిసి ఏ తీరులో పరుచుకుంటాయో ముందే తెలుస్తుంది.

ఫుట్‌బాల్‌లో గోల్ కూడా అలాంటిదే. తొంభై నిమిషాల్లో ఏ క్షణమైనా పడవచ్చు. ఏదో ఒక క్షణాన్ని విడిగా తీసుకుంటే ఆ క్షణంలో పడే అవకాశం బహు తక్కువ. ఒక గోల్ పడినంత మాత్రాన రెండోది పడటం దాదాపుగా సులువూ కాదు, కష్టమూ కాదు. క్రికెట్ పరుగులకి, బాస్కెట్‌బాల్ పాయింట్లకి ఈ లక్షణాలు లేవు. అక్కడ అంకెలు వందల్లో, పదుల్లో వస్తాయి. ఇక్కడ జట్టుకి ఒకటో రెండో.

సూత్రం ఎలా పుడుతుందో చూడాలంటే తొంభై నిమిషాలను తొంభై గదులుగా ఊహించుకోండి. ఒక జట్టు మ్యాచ్‌కి సగటున 1.06 గోల్స్ చేస్తుందనుకుందాం. అప్పుడు ఒక్కో గదిలో గోల్ పడే అవకాశం 1.06ని 90తో భాగిస్తే వచ్చేది, అంటే నూటికి 1.2 కంటే కాస్త తక్కువ. పడకపోయే అవకాశం నూటికి 98.8 పైన. తొంభై గదులూ ఖాళీగా ఉండాలంటే ఈ భిన్నాన్ని దానితోనే తొంభై సార్లు గుణించాలి. వచ్చేది 34.4 శాతం. నిమిషాలకు బదులు 5,400 సెకన్లను గదులుగా తీసుకుంటే 34.6 శాతం. గదులను ఇంకా ఎంత చిన్నగా కోసినా జవాబు ఇక అక్కడి నుంచి కదలదు. అలా నిలబడిపోయిన సంఖ్యనే గణితంలో e^(-1.06) అని రాస్తారు.

సున్నా గోల్స్ అవకాశం దొరికిందంటే మిగతావి దానిలోంచే వచ్చేస్తాయి. సున్నా అవకాశాన్ని సగటుతో గుణిస్తే ఒక గోల్‌కి ఉన్న అవకాశం వస్తుంది. దాన్ని మళ్లీ సగటుతో గుణించి 2తో భాగిస్తే రెండు గోల్స్‌కి. దాన్ని సగటుతో గుణించి 3తో భాగిస్తే మూడింటికి. చేతి కాలిక్యులేటర్ చాలు. ఎక్సెల్‌లో అయితే ఒక్క వరుస:

```
=POISSON.DIST(1,1.06,FALSE)
```

మొదటి అంకె గోల్స్ సంఖ్య, రెండోది సగటు. జవాబు 0.367, అంటే 36.7 శాతం.

అసలు పని సగటు కనుక్కోవడమే

సూత్రం సులువు. దానికి అందించే సగటును కనుక్కోవడమే కష్టం. లివర్‌పూల్ ఆ రోజు ఎన్ని గోల్స్ చేయగలదన్నది లివర్‌పూల్ ఒక్కదాని మీద ఆధారపడదు. ఎదుటి జట్టు రక్షణ ఎంత గట్టిదో, మైదానం ఎవరిదో కూడా లెక్కలోకి రావాలి. ఎం.జె. మేహర్ 1982లో ప్రచురించిన వ్యాసం దీనికి దారి చూపింది. ప్రతి జట్టుకూ దాడి బలం ఒకటి, రక్షణ బలహీనత ఒకటి అని రెండు అంకెలు ఇచ్చి, ఒకరి దాడిని మరొకరి రక్షణ బలహీనతతో గుణించాలన్నది అందులోని ఆలోచన. దాని సరళమైన రూపం ఇలా ఉంటుంది.

మన మ్యాచ్‌కి ముందు పూర్తయిన సీజన్ 2017-18. ఆ ఏడు ప్రీమియర్ లీగ్‌లో 380 మ్యాచ్‌లు జరిగాయి. సొంత మైదానంలో ఆడిన జట్లు 582 గోల్స్, పరాయి మైదానంలో ఆడినవి 436 గోల్స్ చేశాయి. అంటే మ్యాచ్‌కి సొంత జట్టు సగటు 1.53, వచ్చిన జట్టు సగటు 1.15. సొంత మైదానం ఇచ్చే బలం ఈ తేడాలోనే కనిపిస్తోంది.

ఇప్పుడు లివర్‌పూల్ సంగతి. ఆ సీజన్‌లో ఆన్‌ఫీల్డ్‌లో ఆడిన 19 మ్యాచ్‌ల్లో 45 గోల్స్ చేసింది. మ్యాచ్‌కి 2.37. లీగ్ సగటు 1.53తో పోలిస్తే ఇది 1.55 రెట్లు. ఇదే దాని దాడి బలం.

సిటీ పరాయి మైదానాల్లో ఆడిన 19 మ్యాచ్‌ల్లో సమర్పించుకున్న గోల్స్ 13 మాత్రమే. మ్యాచ్‌కి 0.68. మామూలు జట్టయితే సొంత జట్టుకి 1.53 గోల్స్ ఇచ్చేది. సిటీ అందులో 0.45 వంతు, సగం కంటే తక్కువ, ఇచ్చింది. ఇది సిటీ రక్షణ అంకె.

లీగ్ సగటు 1.53ని 1.55తోనూ 0.45తోనూ గుణించాలి. మధ్యలో అంకెలను కుదించకుండా గుణిస్తే లివర్‌పూల్‌కి ఆశించదగిన గోల్స్ 1.06.

సిటీకీ ఇదే పద్ధతి. పరాయి మైదానాల్లో అది కూడా సరిగ్గా 45 గోల్సే చేసింది. లీగ్‌లో వచ్చిన జట్ల సగటు 1.15 కనుక సిటీ దాడి బలం 2.06 రెట్లు. లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌లో ఇచ్చిన గోల్స్ 10, అంటే లీగ్ సగటులో 0.46 వంతు. మూడింటినీ గుణిస్తే 1.09.

ఒక్క క్షణం ఈ రెండు అంకెల దగ్గర ఆగాలి. ఆ సీజన్‌లో సిటీ మొత్తం 106 గోల్స్, లివర్‌పూల్ 84 గోల్స్ చేశాయి. రెండూ గోల్స్ వాన కురిపించిన జట్లు. వీళ్లిద్దరూ కలిస్తే స్కోరు బోర్డు నిండిపోతుందని అభిమాని అనుకోవడం సహజం. లెక్క మాత్రం ఇద్దరికీ ఒక్కో గోల్ దగ్గరే ఆగింది. దాడి ఎంత పదునైనదో రక్షణ కూడా అంత గట్టిది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేశాయి. విడివిడిగా దాడులను చూసే కన్నుకి ఇది అందదు.

స్కోర్ల పట్టిక

రెండు సగటులూ సూత్రంలో వేస్తే వచ్చే అవకాశాలు ఇవి.

| గోల్స్ | లివర్‌పూల్ (సగటు 1.06) | సిటీ (సగటు 1.09) |
|---|---|---|
| 0 | 34.6% | 33.6% |
| 1 | 36.7% | 36.6% |
| 2 | 19.5% | 20.0% |
| 3 | 6.9% | 7.3% |
| 4 | 1.8% | 2.0% |

ఏ స్కోరు అవకాశం కావాలన్నా రెండు నిలువు వరుసల్లోంచి తగిన అంకెలు తీసి గుణించడమే. 0-0కి 34.6ని 33.6తో గుణిస్తే 11.6 శాతం. 1-1కి 13.5 శాతం. సిటీ 1-0తో గెలవడానికి 12.7, లివర్‌పూల్ 1-0తో గెలవడానికి 12.3. ఇక జనవరిలో వచ్చిన 4-3 స్కోరు మళ్లీ రావడానికి 0.13 శాతం, అంటే సుమారు 760 మ్యాచ్‌ల్లో ఒకసారి.

డ్రా కావాలంటే రెండు జట్లూ సమాన గోల్స్ చేయాలి కాబట్టి ఆ స్కోర్లన్నీ కూడాలి. 0-0కి 11.6, 1-1కి 13.5, 2-2కి 3.9, 3-3కి 0.5, 4-4కి లెక్కలోకి రానంత. మొత్తం 29.5 శాతం. మిగతా స్కోర్లను కూడితే లివర్‌పూల్ గెలుపుకి 34.5, సిటీ గెలుపుకి 36.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. అన్ని స్కోర్లలోకీ ఎక్కువ అవకాశం ఉన్నది 1-1కి. అది డ్రా స్కోరు. మూడు ఫలితాల్లో తక్కువ అవకాశం ఉన్నదీ డ్రాకే. రెండూ ఒకేసారి నిజం. గెలుపుకి 1-0, 2-0, 2-1, 3-0, 3-1 అంటూ ఎన్నో దారులున్నాయి. ఒక్కో దారి ఇరుకే గానీ అన్నీ కలిస్తే వెడల్పు. డ్రాకి ఉన్న దారులు కొన్నే. వాటిలో రెండు మాత్రం బాగా నడిచేవి.

అందుకే ప్రతి మ్యాచ్‌కీ ‘ఎక్కువ అవకాశం ఉన్న ఫలితం’ ఒక్కటే చెప్పమంటే ఈ లెక్క డ్రా అని దాదాపుగా ఎప్పుడూ అనదు. నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటి డ్రా అవుతుందని తెలిసి కూడా అనదు. రెండు జట్లూ సరిసమానమై, ఇద్దరి సగటూ కలిపి సుమారు 1.75 గోల్స్ లోపు ఉంటేనే డ్రా మొదటి స్థానానికి వస్తుంది. ప్రీమియర్ లీగ్‌లో మ్యాచ్‌కి సగటున 2.7 గోల్స్ దాకా పడుతుంటే అలాంటి మ్యాచ్‌లు అరుదు. కాబట్టి డ్రాని పేరు పెట్టి పిలవడానికి కాకుండా, దాని వాటా ఎంతో కొలవడానికే ఈ లెక్కను వాడాలి.

డ్రాలను పెంచేవి, తగ్గించేవి

ఆ వాటాను నిర్ణయించేవి రెండే. మొదటిది మ్యాచ్‌లో మొత్తం ఎన్ని గోల్స్ ఆశిస్తున్నాం అన్నది. సమానమైన రెండు జట్లు తీసుకోండి. ఇద్దరికీ కలిపి సగటు 2 అయితే డ్రా అవకాశం 31 శాతం. 2.7 అయితే 26. సగటు 4కి చేరితే 21. గోల్స్ తగ్గేకొద్దీ ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఆగే అవకాశం పెరుగుతుంది.

రెండోది జట్ల మధ్య తేడా. ఒకరి సగటు 3, మరొకరిది 0.5 అయితే డ్రా అవకాశం పదిలోపుకి పడిపోతుంది. బలవంతుడు నాలుగైదు గోల్స్ వేయగలిగిన చోట బలహీనుడు సమంగా నిలవడం కష్టం.

ఈ రెండో మాట ఎంత పెద్దదో లీగ్ మొత్తం చూస్తే తెలుస్తుంది. జట్లన్నీ ఒకటేనని అనుకుని, 2017-18 సీజన్ సగటులు 1.53, 1.15 మాత్రమే సూత్రంలో వేస్తే 380 మ్యాచ్‌ల్లో 96 డ్రాలు రావాలి. వచ్చినవి 99. చాలా దగ్గర. తర్వాతి సీజన్ 2018-19కీ అలాగే చేస్తే 94 రావాలి. వచ్చినవి 71 మాత్రమే.

ఇది అదృష్టం ఆడిన ఆటేనా? ఇన్ని మ్యాచ్‌ల్లో డ్రాల సంఖ్య అటూ ఇటూ ఎనిమిదో తొమ్మిదో కదలడం మామూలే. 23 తగ్గడం మాత్రం అంత తేలిగ్గా జరిగేది కాదు. అంచనాలో మనం వదిలేసిన విషయం ఏదో ఉందనడానికి అది గుర్తు. పాయింట్ల పట్టిక చూస్తే ఆ విషయం తెలుస్తుంది. ఆ ఏడు సిటీ 98 పాయింట్లు, లివర్‌పూల్ 97 పాయింట్లు సాధించాయి. మూడో స్థానంలో ఉన్న చెల్సీకి 72. అడుగున ఉన్న హడర్స్‌ఫీల్డ్‌కి 16. జట్ల మధ్య ఇంత అగాధం ఉన్నప్పుడు అందరినీ సగటు జట్లుగా చూసిన లెక్క డ్రాలను ఎక్కువ చేసి చెబుతుంది. ఒక్కో మ్యాచ్‌కి వేరు వేరు సగటులు కట్టాల్సింది ఇందుకే. కొరతలో కొంత అదృష్టం పాలు కూడా ఉండే ఉంటుంది. ఏది ఎంతో ఒక్క సీజన్‌తో విడదీయలేం.

0-0 దగ్గర సూత్రం తడబాటు

స్కోర్ల పట్టిక కట్టినప్పుడు మనం ఒక విషయాన్ని నిశ్శబ్దంగా ఒప్పుకున్నాం. లివర్‌పూల్ గోల్స్‌కీ సిటీ గోల్స్‌కీ సంబంధం లేదని. అందుకే రెండు అంకెలను నేరుగా గుణించగలిగాం. మైదానంలో అలా ఉండదు. ఒక గోల్ వెనకబడిన జట్టు రక్షణ వదిలి ముందుకు దూసుకొస్తుంది. 80వ నిమిషంలో 0-0గా ఉంటే ఇద్దరూ చేతిలో ఉన్న ఒక్క పాయింటునీ పోగొట్టుకోవడం ఇష్టం లేక జాగ్రత్త పడతారు.

మార్క్ డిక్సన్, స్టువర్ట్ కోల్స్ 1997లో ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్‌లను పరిశీలించి ఈ లోటు ఎక్కడ తేలుతుందో చూపించారు. తడబాటు పెద్ద స్కోర్ల దగ్గర కాదు. 0-0, 1-0, 0-1, 1-1 అనే నాలుగు చిన్న స్కోర్ల దగ్గర. విడివిడి లెక్క చెప్పినదానికంటే 0-0, 1-1 కాస్త ఎక్కువగా వస్తున్నాయి. 1-0, 0-1 కాస్త తక్కువగా వస్తున్నాయి. వాళ్లు మొత్తం పట్టికను ముట్టుకోకుండా ఆ నాలుగు గదులనే సవరించారు. అందుకు రో అనే ఒక అంకె పెట్టుకున్నారు. దాన్ని పాత ఫలితాల నుంచే అంచనా కట్టాలి.

మన మ్యాచ్‌కి ఆ అంకె -0.1 అనుకుని చూద్దాం. 0-0 గది 11.6 నుంచి 13.0కి పెరుగుతుంది. 1-1 గది 13.5 నుంచి 14.8కి. లివర్‌పూల్ 1-0 గెలుపు 12.3 నుంచి 11.0కి, సిటీ 1-0 గెలుపు 12.7 నుంచి 11.4కి తగ్గుతాయి. రెండు గదుల్లో ఎంత పెరిగిందో మిగతా రెండింట్లో అంతే తగ్గింది కాబట్టి మొత్తం నూరు చెదరలేదు. డ్రా వాటా మాత్రం 29.5 నుంచి 32.2కి చేరింది. నాలుగు గదుల సవరణతో డ్రా అంచనాలో మూడు శాతం దాకా తేడా వచ్చింది.

ఒక్క మ్యాచ్ బరువు

ఇప్పుడు మనం వేసిన లెక్కనే అనుమానించి చూడాలి. లివర్‌పూల్ ఆన్‌ఫీల్డ్‌లో ఇచ్చిన గోల్స్ 10 అన్నాం. అందులో మూడు ఆ జనవరి 4-3 మ్యాచ్‌లోవే. సిటీ బయట ఇచ్చిన 13లో నాలుగు కూడా ఆ మ్యాచ్‌లోవే. సిటీ ఆ సీజన్‌లో పరాయి మైదానంలో ఓడిన లీగ్ మ్యాచ్ అదొక్కటే.

ఆ ఒక్క మ్యాచ్‌ని తీసేసి మళ్లీ గుణిస్తే లివర్‌పూల్ సగటు 1.06 నుంచి 0.75కి, సిటీది 1.09 నుంచి 0.79కి దిగుతాయి. డ్రా అవకాశం 29.5 నుంచి 36 శాతానికి ఎగబాకుతుంది. అంతేకాదు, మూడు ఫలితాల్లోకీ డ్రాయే ముందుకొస్తుంది. 38 వారాల లీగ్‌లో ఒకే ఒక్క సాయంత్రం మన అంచనాను ఇంతగా తిప్పేసింది.

తప్పు సూత్రంలో లేదు. పంతొమ్మిది మ్యాచ్‌లు సరిపోకపోవడంలో ఉంది. పాయిజాన్ విభాజనానికి ఒక లక్షణం ఉంది. దానిలో చెదురు ఎంతన్నది సగటే చెప్పేస్తుంది. పది గోల్స్ లెక్క వచ్చిన చోట దాని వర్గమూలం, అంటే మూడు దాకా, అటూ ఇటూ ఉండవచ్చు. అదే జట్టు, అదే ఆటతో ఏడు గోల్స్ ఇచ్చినా, పదమూడు ఇచ్చినా ఆశ్చర్యపోకూడదు. మూడో వంతు ఊగే అంకె మీద కట్టిన శాతానికి దశాంశ స్థానం దాకా నమ్మకం పెట్టుకోకూడదు. మన 29.5ని ‘ముప్ఫైకి అటూ ఇటూ’ అని చదవడమే న్యాయం.

ఈ పని బాగా చేసేవాళ్లు ఇందుకు మూడు జాగ్రత్తలు తీసుకుంటారు. ఒక సీజన్‌కి బదులు ఎక్కువ మ్యాచ్‌లు తీసుకుంటారు. పాత మ్యాచ్‌లకు తక్కువ బరువు, కొత్తవాటికి ఎక్కువ బరువు ఇస్తారు. డిక్సన్, కోల్స్ చేసింది కూడా అదే. ఇక సగటుకి మరీ దూరంగా ఉన్న జట్టు అంకెను కొద్దిగా లీగ్ సగటు వైపు జరుపుతారు.

ఆట గురించి సూత్రానికి తెలియని సంగతులు మరి కొన్ని ఉన్నాయి. వాన్ డైక్ లివర్‌పూల్‌లో చేరింది 2018 జనవరిలో. గోల్‌కీపర్ అలిసన్ చేరింది ఆ జులైలో. అంటే మనం వాడిన 2017-18 రక్షణ అంకెలో సగం వాన్ డైక్ లేని జట్టుది, మొత్తం అలిసన్ లేని జట్టుది. అక్టోబర్‌లో మైదానంలోకి దిగిన రక్షణ అది కాదు.

ఇంకొకటి, గోల్స్ ఎప్పుడూ ఒకదానికొకటి సంబంధం లేకుండా పడవు. 2014 జులై 8న ప్రపంచ కప్ సెమీఫైనల్లో జర్మనీ 7-1తో బ్రెజిల్‌ని ఓడించింది. అందులో నాలుగు గోల్స్ 23వ నిమిషానికీ 29వ నిమిషానికీ మధ్య పడ్డాయి. ఒక జట్టు మనసు విరిగిపోయినప్పుడు ఒక గోల్ మరో గోల్‌కి తలుపు తెరుస్తుంది. ప్రతి నిమిషం గదికీ ఒకే అవకాశం అన్న మన ఊహ అక్కడ నిలవదు.

లెక్క మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

డ్రాకి 30 శాతం అన్నాం. మ్యాచ్ డ్రా అయింది. లెక్క గెలిచిందా? ఒక్క మ్యాచ్‌తో ఆ మాట అనలేం. డ్రా కాకపోయినా ఓడిందని అనలేం.

సరైన పరీక్ష వేరే ఉంది. ప్రతి మ్యాచ్‌కీ ముందుగానే అంచనా రాసిపెట్టుకోవాలి. తర్వాత 30 శాతం దగ్గర డ్రా అవకాశం ఇచ్చిన మ్యాచ్‌లన్నీ ఒక కుప్ప, 20 దగ్గర ఇచ్చినవి ఒక కుప్ప, 10 దగ్గర ఇచ్చినవి ఒక కుప్ప వేయాలి. మొదటి కుప్పలో నూటికి సుమారు ముప్ఫై, రెండో కుప్పలో ఇరవై, మూడో కుప్పలో పది డ్రా అయితే లెక్క నమ్మదగినది. 30 అన్న కుప్పలో 22 మాత్రమే డ్రా అయితే, అంచనా ఎక్కడ పొంగిందో వెతకాలి. ఒక్కో కుప్పలో వందల మ్యాచ్‌లు ఉంటేనే ఈ పరీక్షకి అర్థం. ముప్ఫై మ్యాచ్‌ల కుప్పలో అదృష్టం గొంతే పెద్దగా వినిపిస్తుంది. అంచనా కట్టడానికి వాడిన మ్యాచ్‌లతోనే పరీక్ష కూడా పెడితే అది మోసపు పరీక్ష అవుతుంది. మనం 2017-18 అంకెలతో 2018 అక్టోబర్ మ్యాచ్‌ని చూడటం ఆ కారణంగానే.

ఈ లెక్క నేర్చుకున్నవాళ్లలో కొందరికి పందేల ఆలోచన రావచ్చు. పందేల కంపెనీలు ఈ పద్ధతులనూ, వీటికంటే ఎంతో మెరుగైనవాటినీ వాడి రేట్లు కడతాయి. ఆ పైన తమ లాభం కలుపుకుంటాయి. కాలిక్యులేటర్‌తో మనం కట్టిన 29.5 శాతం వాళ్ల కంటే ముందు నడవదు. పైగా మన రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ పందేలు చట్టవిరుద్ధం. ఆట చూసేటప్పుడు ఏది మామూలు, ఏది అరుదు అని తెలుసుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది. దాని విలువ అక్కడే.

ఆ కంటితో మళ్లీ 86వ నిమిషం దగ్గరికి వెళదాం. సాధారణంగా నాలుగు పెనాల్టీల్లో మూడు గోల్ అవుతాయి. మహ్రెజ్ బంతి వలలో పడి ఉంటే బహుశా సిటీ 1-0తో గెలిచేది. మన పట్టికలో ఆ స్కోరుకి 12.7 శాతం. నిజంగా వచ్చిన 0-0కి 11.6 శాతం. ఈ రెండింటినీ లెక్క దాదాపు సమానంగా పక్కపక్కనే పెట్టింది. అంతకంటే ముందుకు వెళ్లే శక్తి దానికి లేదు. రెండింట్లో ఏది జరగాలో ఒక బంతి పైకమ్మీ కిందుగా పోయిందా, మీదుగా పోయిందా అన్నది తేల్చింది.

ఆ సీజన్ మొత్తంలో సిటీ ఆడిన 38 మ్యాచ్‌ల్లో డ్రా అయినవి రెండే. ఒకటి ఆగస్టులో వుల్వ్స్‌తో 1-1. రెండోది ఆన్‌ఫీల్డ్‌లోని ఈ 0-0. మే నెలలో సిటీ ఒకే ఒక్క పాయింటు తేడాతో లివర్‌పూల్‌ని దాటి టైటిల్ గెలిచింది.